ఎడమ బడ్ ముందే ఆగిపోతోందా? సెల్ మార్చాలా, బడ్ మార్చాలా, సెట్టే కొత్తది కొనాలా

వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో ఎడమ చెవిలో "బ్యాటరీ లో" అని వినపడేసరికి కుడి బడ్‌లో ఇంకా సగం పైనే ఉంటుంది. రెండూ ఒకే డబ్బాలో వచ్చాయి, ఒకే రోజు కొన్నవి, రోజూ ఒకే కేసులో పడుకునేవి. అందుకే చాలామంది వెంటనే "ఎడమ బ్యాటరీ పోయింది" అనేసుకుని కొత్త సెట్ ధరలు చూడటం మొదలుపెడతారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ సెల్ బాగానే ఉండి, కేసులో సరిగా కూర్చోక సగమే ఛార్జ్ అవుతున్న బడ్ కూడా సరిగ్గా ఇలాగే ప్రవర్తిస్తుంది. కాల్స్ పని అంతా తనమీదే వేసుకునే బడ్ కూడా అంతే. ఈ మూడింటికీ ఖర్చు వేరు. ఒకదానికి దూదిపుల్ల చాలు, ఒకదానికి అసలు ఏమీ అక్కర్లేదు, మూడోదానికి మాత్రమే డబ్బు పెట్టాలి.

ఈ సమస్యలో ఒక సౌకర్యం ఉంది. ఫోన్ బ్యాటరీ ముసలిదైతే పోల్చడానికి పక్కన ఇంకోటి ఉండదు. ఇక్కడ అదే వయసు, అదే సెల్, అదే బోర్డు ఉన్న కుడి బడ్ చేతిలోనే ఉంది. దాన్నే కొలబద్దగా వాడుకోవాలి.

ముందు ఛార్జింగ్ పిన్నులు

కేసులో బడ్ కూర్చునే గుంటలో స్ప్రింగు మీద లేచే రెండు, మూడు చిన్న పిన్నులు ఉంటాయి. బడ్ మీద వాటికి ఎదురుగా బంగారు రంగు చుక్కలుంటాయి. చెమట, చెవి గులిమి, జేబులోని నూగు చేరి ఈ రెంటి మధ్య పొర కడుతుంది. విశాఖ, చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లలో పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు కూడా కనిపిస్తుంది. దీనివల్ల రెండు రకాల దెబ్బ తగులుతుంది. ఒకటి, బడ్ పూర్తిగా ఛార్జ్ కాదు. రెండోది కాస్త దొంగదెబ్బ: కేసులోకి వచ్చానన్న సంగతే బడ్‌కు తెలియదు. మూత వేసినా అది ఫోన్‌కు కనెక్ట్ అయ్యే ఉండి, రాత్రంతా ఊరికే ఖర్చవుతుంది. పొద్దున్నే తీసేసరికి 40 శాతం.

దీన్ని పట్టుకోవడం తేలిక. రెండు బడ్లూ కేసులో పెట్టి మూత వేసి, ఒక నిమిషం ఆగి ఫోన్‌లో బ్లూటూత్ పేజీ తెరవండి. ఇంకా కనెక్టెడ్ అనే చూపిస్తుంటే ఏదో ఒక బడ్ కేసును గుర్తించడం లేదన్నమాట. ఎడమ బడ్‌ను వేలితో కొంచెం నొక్కితే కనెక్షన్ తెగి, వేలు తీయగానే మళ్లీ వస్తుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

శుభ్రం చేయడానికి మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మంచిది. దూదిపుల్లను అందులో తడిపి, పిండి, తడి మాత్రమే మిగిలేలా చేసి పిన్నుల మీద, బడ్ చుక్కల మీద తిప్పండి. ద్రావకం కారేంత తడి వద్దు. గుండుసూదితో గీకొద్దు, పైనున్న బంగారు పూత లేస్తే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. తర్వాత పొడి దూదిపుల్లతో ఒక్కో పిన్నునూ మెల్లగా నొక్కి చూడండి. నొక్కితే దిగి, వదిలితే పైకి రావాలి. ఒకటి కిందే ఇరుక్కుపోయి ఉంటే లోపం కేసుదే, బడ్‌ది కాదు. పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు బడ్లు పెట్టండి.

సిలికాన్ టిప్ మార్చిన దగ్గర్నుంచే సమస్య మొదలైతే ఆ టిప్ కూడా చూడాలి. కంపెనీది కాని లావు టిప్ వేస్తే బడ్ కేసులో వెంట్రుకవాసి పైకి లేచి కూర్చుంటుంది. పైకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది కానీ పిన్ను తగలదు.

ఒక్కో బడ్‌ను విడిగా నడిపి చూడటం

ఫోన్ మీద కనిపించే శాతాన్ని నమ్మి తీర్పు చెప్పకూడదు. చాలా బడ్లు ఫోన్‌కు పది పది శాతం మెట్లలోనే చెబుతాయి. పైగా ఆ అంకె సెల్ వోల్టేజీని బట్టి వేసిన అంచనా. ముసలి సెల్ విషయంలో ఆ అంచనాయే ముందు తప్పుతుంది. నమ్మదగిన కొలత ఒక్కటే: నిండా ఛార్జ్ అయిన బడ్ ఎన్ని నిమిషాలకు ఆగిపోయింది?

రెండు బడ్లూ కలిపి నడిపితే ఈ కొలత కుదరదు. పాత తరం చిప్పులున్న సెట్లలో ఫోన్ ఒక బడ్‌కే పాట పంపిస్తుంది, ఆ బడ్ రెండోదానికి అందిస్తుంది. అందించే బడ్‌కు పని ఎక్కువ. కొత్త చిప్పుల్లో రెండో బడ్ కూడా ఫోన్ సంకేతాన్ని నేరుగా వింటుంది కాబట్టి పాటల్లో తేడా బాగా తగ్గింది. కానీ కాల్స్‌లో మైక్ పని ఇప్పటికీ ఎక్కువ సెట్లలో ఒక బడ్ మీదే పడుతుంది. కేసులోంచి ముందు తీసిన బడ్డే ప్రధాన బడ్ అయ్యే మోడళ్లు చాలా ఉన్నాయి. మీకు ఎప్పుడూ ఎడమదే ముందు తీసే అలవాటుంటే ఆ భారం అంతా దానిదే. ఒక్కో బడ్‌ను ఒంటరిగా నడిపితే ఈ తేడా పోతుంది, రెండూ ఒకే పని చేస్తాయి. అప్పుడు మిగిలే తేడా సెల్‌ది, లేదా ఛార్జింగ్‌ది.

ఇలా చేయండి. కేసును ఛార్జర్‌కు పెట్టి, రెండు బడ్లూ 100 చూపించాక ఇంకో అరగంట అలాగే ఉంచండి. యాప్‌లో నాయిస్ క్యాన్సిలేషన్, బయటి శబ్దం వినిపించే మోడ్, రెండూ ఆపేయండి. చెవిలోంచి తీయగానే పాట ఆగే సెట్టింగ్ ఉంటే అదీ ఆపేయండి, లేకపోతే బడ్‌ను గంటల తరబడి చెవిలోనే ఉంచుకోవాల్సి వస్తుంది. వాల్యూమ్ సగం దగ్గర పెట్టండి. ఎడమ బడ్ మాత్రం బయటికి తీసి, కుడిదాన్ని కేసులో ఉంచి మూత వేయండి.

ఇప్పుడు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి ఉంచుకున్న ఏడెనిమిది గంటల ఒకే పెద్ద ఆడియో ఫైలు మొదటి నుంచి పెట్టండి. ప్రవచనమో, ఆడియో పుస్తకమో ఏదైనా సరే, ఫైలు మాత్రం ఒకటే ఉండాలి. బడ్‌లో ఛార్జ్ అయిపోయి బ్లూటూత్ తెగగానే ఫోన్ దానంతటదే ఆడియోను ఆపేస్తుంది. తర్వాత తీరిగ్గా వచ్చి ప్లేయర్ ఎక్కడ ఆగిందో చూస్తే చాలు: 1:52:10 దగ్గర ఆగితే ఆ బడ్ నడిచింది గంటా 52 నిమిషాలు. గడియారం పట్టుకుని పక్కన కూర్చోనక్కర్లేదు. పాటల జాబితా పెడితే ఈ ఉపాయం పారదు, ఏ పాట దగ్గర ఆగిందో చూసి లెక్కలు కట్టుకోవాలి.

మళ్లీ నిండా ఛార్జ్ చేసి కుడిదాన్ని ఇలాగే నడపండి. ఆ తర్వాత ఇంకో రోజు రెంటినీ మరోసారి. ఈ రెండో విడత చాదస్తంలా కనిపిస్తుంది కానీ అసలు గుట్టు బయటపడేది అక్కడే. ముసలి సెల్ ఎప్పుడు కొలిచినా దాదాపు ఒకటే సమయం ఇస్తుంది: ఒకరోజు 1:50, ఇంకోరోజు 1:55. అలా కాకుండా ఒకరోజు 1:10, మర్నాడు 3:20 వస్తే అది వయసు కాదు. బడ్ ఒకరోజు ఛార్జ్ అవుతోంది, ఒకరోజు కావడం లేదు. మళ్లీ పిన్నుల దగ్గరికే వెళ్లండి.

ముసలి సెల్ గుర్తులు

ముసలితనం రెండు రకాలుగా బయటపడుతుంది, రెండూ కలిసే వస్తాయి. మొదటిది, సెల్ పట్టే కరెంటు తగ్గిపోవడం. దీని గుర్తు ఛార్జింగ్‌లోనే కనిపిస్తుంది. రెండు బడ్లూ పూర్తిగా ఆగిపోయేదాకా వాడి ఒకేసారి కేసులో పెడితే, కుడిది గంటపైగా తీసుకుంటుంటే ఎడమది అరగంట లోపే 100 చూపిస్తుంది. త్వరగా నిండుతోందని సంబరపడక్కర్లేదు, చెంబు చిన్నదైపోయింది.

రెండోది, సెల్ లోపలి నిరోధం పెరగడం. అంటే కరెంటు కాస్త గట్టిగా లాగేసరికి వోల్టేజీ కుంగిపోతుంది. మెల్లగా పాట వింటున్నంతసేపు 50 శాతం చూపిస్తూ నడిచే బడ్, కాల్ రాగానే లేదా నాయిస్ క్యాన్సిలేషన్ వేయగానే టప్పున ఆగిపోతుంది. పది నిమిషాలు పక్కన పెట్టి తీస్తే మళ్లీ 30 శాతం చూపిస్తుంది. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకుని రీసెట్లు చేస్తూ కూర్చుంటారు. సెల్‌లో కొంత మిగిలే ఉంది, కానీ అడిగినంత వేగంగా ఇవ్వలేకపోతోంది. ఇది కనిపిస్తే సెల్ సంగతి దాదాపు తేలిపోయినట్టే.

సెల్‌ది కాని లోపం కూడా ఒకటుంది, దాన్ని విడిగా చూడాలి. వానలోనో చెమటలోనో తడిసి బోర్డు మీద తేమ చేరితే, బడ్ ఏమీ చేయకపోయినా కరెంటు కారిపోతుంటుంది. నిండా ఛార్జ్ చేసి, తాకి పట్టుకుంటే ఆఫ్ అయ్యే సౌకర్యం ఉన్న మోడల్ అయితే ఆఫ్ చేసి, రాత్రంతా కేసు బయట ఉంచండి. పొద్దున్నకు కుడిది ఉన్నచోటే ఉండి, ఎడమది పాతిక ముప్పై శాతం దిగిందంటే కొత్త సెల్ వేసినా ప్రయోజనం అనుమానమే. ఊరికే ఉన్నప్పుడు కూడా గోరువెచ్చగా ఉండే బడ్‌దీ ఇదే కథ. ఇక బడ్ అతుకు దగ్గర సందు తెరుచుకున్నా, ఛార్జింగ్‌లో చురుక్కుమనేంత వేడెక్కినా పరీక్షలన్నీ ఆపేయండి. అది ఉబ్బిన సెల్ కావచ్చు, దాన్ని మళ్లీ ఛార్జ్ చేయొద్దు, చెవిలో అసలే పెట్టొద్దు.

ఒక సెట్ లెక్క

రెండేళ్లు వాడిన ఒక సెట్ తీసుకుందాం. కంపెనీ చెప్పింది నాయిస్ క్యాన్సిలేషన్ లేకుండా 6 గంటలు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 30 గంటలు కేసుతో కలిపి, దాన్ని లెక్కలోకి తేవద్దు. ఒంటరి పరీక్షలో ఎడమది సగటున 1:52, కుడిది 4:45 నడిచాయి.

నిమిషాల్లోకి మారిస్తే ఎడమ 112, కుడి 285, కొత్తలో 360. కుడితో పోలిస్తే ఎడమది 39 శాతం. కొత్తదానితో పోలిస్తే కుడిది 79 శాతం. నిర్ణయానికి కావాల్సినవి ఈ రెండు అంకెలే. మొదటిది ఎడమదానికి జబ్బు ఎంత ముదిరిందో చెబుతుంది. రెండోది ఎడమదాని మీద డబ్బు పెడితే దానికి తోడుగా కుడిది ఎంతకాలం నిలుస్తుందో చెబుతుంది. చాలామంది మొదటిదే చూస్తారు, మోసపోయేది రెండోదాని దగ్గర.

ఇంత తేడా ఎలా వచ్చింది? ఈ మనిషి ఆఫీసు కాల్స్ అన్నీ ఎడమ బడ్ ఒక్కదానితోనే మాట్లాడతాడు, రోజుకు సుమారు నాలుగు గంటలు. కాల్స్‌లో ఖర్చు ఎక్కువ కాబట్టి కొత్తలోనే నాలుగు గంటల కాల్ అంటే సెల్ మొత్తం ఖాళీ అయినట్టు, అంటే రోజుకో పూర్తి సైకిల్. నెలకు 25 రోజులు, ఏడాదికి 300, రెండేళ్లకు 600. ఇలాంటి చిన్న లిథియం అయాన్ సెల్‌కు 500 సైకిళ్ల తర్వాత 80 శాతం మిగలడం సాధారణంగా చెప్పుకునే హద్దు. అదీ పాతిక డిగ్రీల చల్లని గదిలో కొలిచిన మాట. మన వేసవిలో బండి డిక్కీలోనో, కారు డాష్‌బోర్డు మీదో ఉండే కేసుకు ఆ హద్దు చాలా ముందే వస్తుంది. కుడి బడ్ సాయంత్రం గంటసేపు పాటలకే, రెండేళ్లలో 100, 125 సైకిళ్లకు మించవు. అయినా 79కి పడిందేమిటంటే, మిగతా సమయమంతా కేసులో 100 శాతం దగ్గరే వేడికి ఉండిపోయింది. నిండుగా ఉండి వేడిలో ఉన్న సెల్ వాడకపోయినా ముసలిదవుతుంది.

మా కొలబద్ద ఇది. ఒంటరి పరీక్షలో ఎడమది కుడిదాంట్లో 85 శాతం పైన నడిస్తే సెల్ మీద పైసా ఖర్చు పెట్టకండి. మీరు రోజూ చూసే తేడా పని పంపకానిది. ఒకరోజు ఎడమది, ఒకరోజు కుడిది ముందు తీయడం, కాల్స్‌కు చెవి మార్చుకోవడంతో అది సర్దుకుంటుంది. 60 నుంచి 85 మధ్య ఉంటే ముసలితనం నిజమే కానీ భరించదగ్గది. కాల్స్ కుడివైపుకు మార్చి ఇంకో ఆరు నెలలు లాగించి, మళ్లీ కొలవండి. 60 కంటే కిందికి వస్తేనే మార్పిడి మాట. అప్పుడు కూడా కుడిది కొత్తదాంట్లో 70 శాతం పైన ఉంటేనే ఎడమదాన్ని ఒక్కదాన్నే బాగుచేయడం లాభం. కుడిది కూడా అంతకంటే పడిపోయి ఉంటే మీరు ఎడమదాన్ని కొత్తది చేసిన మూడు నెలలకు "ఇప్పుడు కుడిది త్వరగా పోతోంది" అని ఇదే వెతుకులాట మొదలుపెడతారు.

వారంటీ ఉంటే

ఏడాది లోపు అయితే ఇంకేమీ ఆలోచించొద్దు, బడ్ తెరవొద్దు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. మన దగ్గర ఎక్కువ బ్రాండ్ల వారంటీ ఏడాదే. చాలా కంపెనీల షరతుల్లో సహజంగా జరిగే బ్యాటరీ అరుగుదలకు వారంటీ వర్తించదని రాసి ఉంటుంది, కౌంటర్‌లో మీకు ఎదురయ్యే మాట అదే. దానికి జవాబు మీ కొలతల్లోనే ఉంది. ఆరేడు నెలల్లో రెండూ సమానంగా 90కి దిగితే అది అరుగుదల. ఒకటి 90 దగ్గర ఉండి ఇంకోటి 40కి పడితే అది లోపం. "త్వరగా అయిపోతోంది" అని కాకుండా, ఏ తేదీన ఏ బడ్ ఎన్ని నిమిషాలు నడిచిందో నాలుగు వరుసల్లో రాసి, ప్లేయర్ ఆగిన స్క్రీన్‌షాట్లతో ఇవ్వండి. ఫిర్యాదు కాగితం మీద కూడా ఆ అంకెలే రాయించండి.

ఒక్క బడ్ కొనడం

వారంటీ దాటాక అన్నిటికంటే తలనొప్పి తక్కువ దారి ఇదే, మీ కంపెనీ విడిగా బడ్ ఇస్తే. యాపిల్ లాంటి పెద్ద కంపెనీలు ఒక్క బడ్ మార్చి ఇస్తాయి. చవక బ్రాండ్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు, మొత్తం సెట్‌కు తగ్గింపు కూపన్ ఇచ్చి పంపిస్తారు. ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: ఎడమ బడ్ విడిగా దొరుకుతుందా, కుడి బడ్‌తో జత కలిపే పని వాళ్లే చేస్తారా? రెండోది మర్చిపోవద్దు. బడ్లు ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి. కొత్త ఎడమ బడ్ పాత కుడిదాన్ని గుర్తించాలంటే కేసు బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి రీసెట్ చేయడం కొన్నిటికి చాలు, కొన్నిటికి సర్వీస్ సెంటర్ పరికరమే కావాలి. రెంటిలోనూ ఫర్మ్‌వేర్ ఒకే వెర్షన్ కాకపోయినా కొన్నిటిలో జత కుదరదు.

ఆన్‌లైన్‌లో దొరికే వాడిన ఒంటి బడ్ల విషయంలో జాగ్రత్త. ఎవరో కుడిది పారేసుకుని ఎడమది అమ్ముతున్నారు. దాని సెల్ వయసు కూడా మీదంతే, ఇంకా ఎక్కువ కూడా కావచ్చు. రిటర్న్ గడువు ఉంటేనే తీసుకుని, వచ్చిన రోజే ఒంటరి పరీక్ష పెట్టండి.

సెల్ ఒక్కటే మార్చడం

ఇది మోడల్‌ను బట్టి పదిహేను నిమిషాల పని కావచ్చు, బడ్ చేతికి దక్కని పనీ కావచ్చు. తేడా అంతా లోపలున్న సెల్ ఆకారంలో ఉంది.

లావుగా, గుండ్రంగా ఉండే బడ్లలో ఎక్కువగా బిళ్ల సెల్ ఉంటుంది. దాని మీద CP1254, లేదా 1254 అని ఉండే పేరు కనిపిస్తుంది. 12 అంటే 12 మిల్లీమీటర్ల వ్యాసం, 54 అంటే 5.4 మిల్లీమీటర్ల మందం. శాంసంగ్ గెలాక్సీ బడ్స్ మొదటి తరాల్లో ఈ బిళ్ల నొక్కుడు కాంటాక్టుల మధ్య కూర్చుంటుంది, సోల్డరింగ్ ఉండదు. మెత్తని పొట్లం సెల్ అయితే రెండు సన్నని వైర్లతో బోర్డుకు అతికి ఉంటుంది, అక్కడ చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి. కాడలో పుల్లలాంటి సెల్ ఉండే మోడళ్లను వదిలేయడమే మేలు. మొదటి ఎయిర్‌పాడ్స్‌ను విప్పి చూసిన రిపేర్ గైడ్ల వెబ్‌సైట్ ఐఫిక్సిట్, రిపేర్ తేలికకు ఇచ్చిన మార్కులు పదికి సున్నా. జిగురు ఊడదీస్తే కాడ పగిలిపోతుంది.

సెల్ కొనేటప్పుడు మూడు విషయాలు చూడాలి. మొదటిది ప్రాణం మీదికి తెచ్చేది: CR అని మొదలయ్యే బిళ్లలు రీఛార్జ్ చేసేవి కావు. పరిమాణం సరిపోయిందని వేసి ఛార్జ్ చేస్తే పగలొచ్చు. రీఛార్జ్ చేసేవాటి మీద LIR అనో, CP అనో, లేక కంపెనీ సొంత పేరో ఉంటుంది. రెండోది వోల్టేజీ. పాత సెల్ మీద 3.7 అని ఉంటే అది 4.2 వోల్టుల దాకా ఛార్జ్ అయ్యే రకం. 3.85 అని ఉంటే అంతకంటే ఎక్కువ, సుమారు 4.4 దాకా ఛార్జ్ అయ్యేది. 3.85 రకం ఉన్నచోట 3.7 రకం వేస్తే బడ్‌లోని ఛార్జర్ కొత్త సెల్‌ను రోజూ హద్దు దాటించి నింపుతుంది. అది ఉబ్బుతుంది, లేదా ఇంకా ఘోరం జరుగుతుంది. పాత సెల్ మీది అంకే మళ్లీ కొనండి. మూడోది కెపాసిటీ. 1254 బిళ్లలో 60, 70 ఎంఏహెచ్ నమ్మదగ్గ సంఖ్య. అదే పరిమాణానికి 100 దాటి రాసి ఉంటే స్టిక్కర్ అబద్ధం చెబుతోంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలాంటి విడిభాగాల బజారులో అడిగేటప్పుడు బడ్ మోడల్ పేరు కాదు, పాత సెల్ మీది నంబరు చూపించండి.

తెరిచే పని మీరే చేసినా, షాపులో చేయించినా వరస ఒకటే. బడ్ పూర్తిగా ఖాళీ అయ్యాక మొదలుపెట్టాలి, నిండిన సెల్‌కు పొడుచుకుంటే మంట పెద్దది. అతుకు చుట్టూ హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేసి, పలుచని ప్లాస్టిక్ పరికరంతో కొద్దికొద్దిగా తెరవాలి. ఎక్కడా లోతుకు దించకూడదు, పై మూతకు, బోర్డుకు మధ్య టచ్ కోసం కాగితం పలుచన ఉండే రిబ్బన్ ఉంటుంది. ఈ పనిలో ఎక్కువగా తెగేది అదే. సెల్ కిందికి ఇనుప పట్టకారు దూర్చొద్దు, రెండు ధ్రువాలూ కలిస్తే అక్కడికక్కడే షార్ట్. వైర్లు అతికించే సన్నని రేకు ట్యాబ్‌లు ఉన్న సెల్ కావాలంటే అలా వచ్చేదే కొనాలి, సెల్ ఒంటి మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు. మూసేముందు ఒకసారి ఛార్జింగ్, టచ్, మైక్ చూసుకుని, అప్పుడు అంచు వెంబడి బి-7000 జిగురు సన్నని గీతలా వేసి, క్లిప్పుతో బిగించి 24 గంటలు వదిలేయాలి.

తర్వాత మిగిలే లోపాలు కూడా తెలుసుకోండి. నీటి తట్టుదనం ఇక లేనట్టే. అతుకులో సందు మిగిలితే ఆ చెవిలో బేస్ పలచబడుతుంది, నాయిస్ క్యాన్సిలేషన్ వేసినప్పుడు సన్నని ఈల వినిపిస్తుంది.

రెండు సెల్‌లూ మార్చాలా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. టార్చిలైటులో పాత సెల్, కొత్త సెల్ కలపకూడదన్న సూత్రం ఇక్కడ వర్తించదు. ఇవి ఒకే తీగ మీద లేవు, ఒక్కో బడ్ తన సర్క్యూట్‌తో తాను బతుకుతుంది. కుడిది 79 దగ్గర ఉన్న పైన చెప్పిన సెట్‌లో బాగున్న బడ్‌ను తెరిచి రిబ్బన్ తెగే ప్రమాదం కొనితెచ్చుకోవడం తెలివి కాదు. కుడిది కూడా 60 కంటే పడిపోయి, లోపల నొక్కుడు బిళ్ల ఉన్న మోడల్ అయితే మాత్రం రెండూ ఒకేసారి మార్చేయండి.

డబ్బు లెక్క

ఆ సెట్ కొత్తది ఇప్పుడు ₹3,000, ఎడమ బడ్ ఒక్కటి ₹1,300, ఎడమ సెల్ మార్పిడి కూలితో ₹700 అనుకుందాం. కుడిది ఇప్పుడున్న తీరులో ఇంకో ఏడాదిన్నర పనికొస్తుందని లెక్క. ఎడమ బడ్ కొంటే 18 నెలలకు ₹1,300, అంటే నెలకు ₹72. కొత్త సెట్ రెండున్నరేళ్లు వస్తే నెలకు ₹100. సెల్ మార్పిడి నెలకు ₹39 లోపే పడుతుంది, కానీ బడ్ పాడైతే ₹700 పోగా చేతిలో మిగిలేది ఒంటి బడ్. కాబట్టి నొక్కుడు బిళ్ల మోడల్ అయితే సెల్, పొట్లం సెల్ అయితే బడ్, ఎడమ బడ్ ధర కొత్త సెట్ ధరలో సగం దాటితే కొత్త సెట్. ₹1,500 లోపు సెట్లకు షాపు కూలి ఇచ్చి సెల్ మార్పించడం మాకు ఎప్పుడూ లాభంగా తోచలేదు.

డబ్బు ఇచ్చేముందు కేసు కూడా ఒకసారి చూడాలి. నిండా ఛార్జ్ చేసిన కేసు ఖాళీ బడ్లను కొత్తలో మూడు, నాలుగు సార్లు నింపేది ఇప్పుడు ఒక్కసారికే చేతులెత్తేస్తుంటే, ఎడమ బడ్ బాగుచేసినా ఆ సెట్‌తో మీ రోజు గడవదు. లెక్క అప్పుడు కొత్త సెట్ వైపు మొగ్గుతుంది.

ఏ దారి పట్టినా, కొత్త ఎడమ బడ్‌కో సెల్‌కో ఒంటరి పరీక్ష మళ్లీ పెట్టండి. అది కుడిదానికంటే ఎక్కువసేపు నడవాలి, పైన సెట్‌లో అయితే 285 నిమిషాలు దాటాలి. సెల్ మార్చినా పాత సమయం దగ్గరే ఆగుతుంటే సెల్ నకిలీది కావాలి, లేదా బోర్డు కరెంటు తాగుతూ ఉండాలి. షాపువాడు వారం గడువు ఇచ్చి ఉంటే ఆ వారంలోనే ఇది తేల్చుకోవాలి.

తీసేసిన పాత సెల్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ టేపు అంటించి, పిల్లల చేతికి అందకుండా ఉంచండి. బిళ్ల సెల్ మింగితే అది గంటల్లోనే గొంతును లోపల కాల్చేస్తుంది, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన విషయం అది. మున్సిపల్ చెత్తలో వేస్తే లారీలో నలిగి అంటుకుంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించే బాధ్యత తయారీదారులదే కాబట్టి సర్వీస్ సెంటర్‌లో ఈ-వేస్ట్ డబ్బా ఎక్కడుందో అడిగి అందులో వేయండి.